ఒక బాంబర్‌కు పదకొండు ట్యాంకర్లు ఎందుకు?

విహంగం

1982లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్స్ ద్వీపాల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం జరిపిన, బ్లాక్ బక్ అనే పేరుగల దాడుల్లో మొదటిదాని గురించి చదువుతున్నాను. ఏప్రిల్ 30 రాత్రి అసెన్షన్ ద్వీపం నుంచి బయలుదేరిన ఒక వల్కన్ బాంబర్ తెల్లవారేలోపు ఫాక్లాండ్స్‌లో అర్జెంటీనా చేతిలో ఉన్న పోర్ట్ స్టాన్లీ రన్‌వే మీద 21 బాంబులు వేసి, ఆ తర్వాత తిరిగి వచ్చింది. ఒక వైపు దూరం సుమారు 6,300 కిలోమీటర్లు, మొత్తం ప్రయాణం దాదాపు 16 గంటలు. నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ ఒక్క బాంబర్ కోసం, గాలిలోనే వేరే విమానాలకు ఇంధనం పోసే విక్టర్ ట్యాంకర్ విమానాలు 11 రన్‌వే మీద నుంచి లేచాయట. వల్కన్ అంత ఇంధనం తాగుతుందా, లేక ట్యాంకర్లే చిన్నవా? లెక్క ఎలా కుదురుతుందో తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

చైతన్య

ఇందులో పెద్ద చిక్కు ఏమీ లేదు. దారి పొడవునా ట్యాంకర్లను అక్కడొకటి, అక్కడొకటి నిలబెడతారు. బాంబర్ ఒక్కొక్కదాని దగ్గరికి వెళ్లి నింపుకుంటూ పోతుంది. రోడ్డు మీద పెట్రోలు బంకుల్లాగే. దూరం రెట్టింపైతే ట్యాంకర్లూ రెట్టింపు కావాలి. పదకొండు అంటే దూరం చాలా ఎక్కువని అర్థం, అంతే.

నావిగేటర్

చైతన్య గారూ, మీరు చెప్పినదానిలో సగం సరైనదే. దూరం పెరిగితే ట్యాంకర్లు పెరుగుతాయి. కానీ రెట్టింపుకు రెట్టింపు కాదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతాయి. పెట్రోలు బంకు పోలికలోనే పొరపాటు ఉంది. బంకు కదలదు, తన దగ్గరున్న పెట్రోలును తాను వాడుకోదు. ట్యాంకర్ మాత్రం ఇవ్వాల్సిన ఇంధనాన్నే తానూ కాలుస్తూ ఎగురుతుంది. వెళ్లేటప్పుడూ కాలుస్తుంది, తిరిగి రావడానికీ కొంత దాచుకోవాలి. దూరం వెళ్లేకొద్దీ దాని దగ్గర ఇవ్వడానికి మిగిలేది తగ్గిపోతుంది. ఒక దూరం దాటాక ట్యాంకర్‌కే ఇంకో ట్యాంకర్ కావాలి. అసెన్షన్‌లో జరిగింది అదే. పదకొండింటిలో ఎక్కువ విమానాలు వల్కన్‌కు కాక, వల్కన్ పక్కన ఇంకా ముందుకు వెళ్లాల్సిన విక్టర్లకు ఇంధనం ఇచ్చి వెనక్కి తిరిగాయి.

నేను రవాణా విమానాల్లో నావిగేటర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ట్యాంకర్ల మీద పని చేయలేదు కానీ, వాటి వెనుక ఎగిరే విమానంలో కూర్చుని లెక్కలు వేసిన అనుభవం ఉంది. వీలైతే ఎవరైనా కాగితం మీద చిన్న లెక్క వేసి చూపండి, అప్పుడు మాటలకంటే బాగా తెలుస్తుంది.

లక్ష్మి

నేను గణితం చెప్పే టీచర్ని, విమానాల సంగతి తెలియదు. కానీ ఈ లెక్క చాలా ముచ్చటగా ఉంది, వేసి చూశాను.

అన్ని విమానాలూ ఒకేలాంటివి అనుకుందాం. ట్యాంకు నిండితే 100 పాళ్ల ఇంధనం, గంటకు 10 పాళ్లు ఖర్చు. సాయం లేకుండా ఒక విమానం 5 గంటలు వెళ్లి 5 గంటల్లో తిరిగి రాగలదు.

ఇప్పుడు ఒక ట్యాంకర్ పక్కనే బయలుదేరిందనుకోండి. 3 గంటల 20 నిమిషాల తర్వాత రెండూ 33 పాళ్ల చొప్పున ఖర్చు చేసి ఉంటాయి. ట్యాంకర్ దగ్గర 67 మిగిలాయి. తిరిగి రావడానికి 33 ఉంచుకుని, మిగతా 33 బాంబర్‌కు ఇస్తుంది. బాంబర్ సరిగ్గా మళ్లీ నిండుతుంది. ఇంతకంటే ముందే ఇస్తే బాంబర్‌లో చోటు ఉండదు, ఆలస్యంగా ఇస్తే ట్యాంకర్ దగ్గర ఇవ్వడానికి మిగలదు. బాంబర్‌కు మొత్తం దొరికింది 133 పాళ్లు. అంటే 6 గంటల 40 నిమిషాల దూరం వెళ్లి రావచ్చు. మొదటి ట్యాంకర్‌తో మనకు కలిసివచ్చింది గంటా 40 నిమిషాలు.

రెండు ట్యాంకర్లు వెళ్తే? రెండున్నర గంటల దగ్గర మొదటిది మిగతా రెండింటినీ నింపి వెనక్కి వస్తుంది. మరో రెండున్నర గంటల తర్వాత రెండోది బాంబర్‌ను నింపి వస్తుంది. బాంబర్ ఏడున్నర గంటల దూరం చేరుతుంది. రెండో ట్యాంకర్ తెచ్చింది 50 నిమిషాలే. మూడోది వేసి చూస్తే అరగంట. పదింటిని పంపినా 9 గంటల 10 నిమిషాలు దాటదు. ఎన్ని పంపినా 10 గంటలు మాత్రం అందదు.

విహంగం

లక్ష్మి గారూ, చాలా కృతజ్ఞతలు. పది గంటల దగ్గర ఎందుకు ఆగిపోతుందో కూడా అర్థమైంది. ఆఖరిసారి నిండిన ట్యాంకుతోనే ముందుకు వెళ్లాలి, ఇల్లూ చేరాలి. ఆ నిండు ట్యాంకు పది గంటలే వస్తుంది కదా.

సముద్రతీరం

నాకు ఒక సందేహం. ప్రయాణికుల విమానాలు ఇప్పుడు పదహారు, పదిహేడు గంటలు ఎక్కడా ఆగకుండా వెళ్తున్నాయి. మరి వాటికి లేని ఇబ్బంది సైనిక విమానాలకు ఎందుకు? బయలుదేరేటప్పుడే ఎక్కువ ఇంధనం నింపుకుంటే సరిపోయేది కదా.

నావిగేటర్

మంచి ప్రశ్నే, కానీ రెండు విషయాలు కలిసిపోయాయి. ప్రయాణికుల విమానం పదహారు గంటలు ఎగిరి అవతలి ఊళ్లో దిగుతుంది. అక్కడ ఇంధనం దొరుకుతుంది. బాంబర్‌కు అవతలి వైపు దిగే చోటు ఉండదు, కాబట్టి దాని చేరువ, అంటే వెళ్లి రాగలిగే దూరం, ఎప్పుడూ దాని మొత్తం ప్రయాణంలో సగమే. రెండోది, వల్కన్ 1950ల నాటి విమానం. ఇంధనం నింపుకోకుండా అది స్టాన్లీకి ఒక వైపు కూడా చేరలేదు. బయలుదేరేటప్పుడు మామూలుగా అనుమతించే గరిష్ఠ బరువును మించే ఉంది. ఇంకా నింపుదామన్నా ట్యాంకుల్లో చోటూ లేదు, రన్‌వే ఒప్పుకునే బరువూ కాదు.

మీ ప్రశ్నలోనే ఇంకో సంగతి ఉంది. ప్రయాణికుల విమానాల ఆ చేరువను చూసే వాటిని ట్యాంకర్లుగా మార్చారు. ఎయిర్‌బస్ ఏ330 నుంచి వచ్చిన ట్యాంకర్ 111 టన్నుల ఇంధనం మోస్తుంది. అదంతా ఆ విమానం మామూలు ట్యాంకుల్లోనే పడుతుంది. లోపల కేబిన్, కింద సరుకుల గది ఖాళీగానే ఉంటాయి. ఒక దళం తన యుద్ధ విమానాలను దూరదేశానికి తరలించేటప్పుడు వాటికి ఇంధనం ఇస్తూనే, వాటి మెకానిక్‌లనూ విడిభాగాలనూ అదే విమానంలో తీసుకుపోవచ్చు.

పాత ఇంజినీర్

లెక్క బాగుంది. కానీ లక్ష్మి గారి లెక్కలో ప్రతి గొట్టం పనిచేస్తుంది, ప్రతి కలయిక కుదురుతుంది. నేను ట్యాంకర్ విమానాల గొట్టం డ్రమ్ముల మీద చాలా ఏళ్లు పనిచేశాను. అందుకే అసలు కష్టం ఎక్కడుందో చెప్పాలనిపించింది.

ట్యాంకర్ తన వెనుక, డ్రమ్ముకు చుట్టిన పొడవాటి గొట్టాన్ని వదులుతుంది. దాని చివర గరాటు ఆకారంలో ఒక బుట్ట ఉంటుంది. నింపుకునే విమానం ముక్కు దగ్గర ప్రోబ్ అనే గట్టి గొట్టం ముందుకు పొడుచుకుని ఉంటుంది. పైలట్ ఆ ప్రోబ్‌ను బుట్టలోకి దూర్చాలి. ట్యాంకర్ కంటే మనిషి నడక అంత వేగం మాత్రమే ఎక్కువగా రావాలి. మరీ నెమ్మదిగా వస్తే లోపలి పట్టు పడదు. మరీ వేగంగా వస్తే గొట్టంలో వదులు ఏర్పడుతుంది. ఆ వదులును డ్రమ్ము వెంటనే చుట్టుకోవాలి. చుట్టుకోకపోతే గొట్టం పొడవునా ఒక అల లేచి, కొరడా కొట్టినట్టు ప్రోబ్ మొన మీద పడుతుంది. విమానం ముక్కు ఊడిరాకుండా ఆ మొనను కావాలనే బలహీనంగా చేస్తారు. ముందు అదే విరుగుతుంది.

ఒకసారి మా దగ్గర అలాగే జరిగింది. తిరిగి వచ్చిన ట్యాంకర్ గొట్టాన్ని బయటికి లాగి చూస్తే, బుట్ట మధ్యలో ఇంకో విమానం ప్రోబ్ మొన ఇరుక్కుని ఉంది. చేతివేళ్లంత పొడవు ముక్క, అంచులు చిరిగిన రేకులా ఉన్నాయి. చుట్టూ ఇంధనం వాసన. డ్రమ్ము వదులును తీసుకునే వేగం ఆ రోజు తక్కువగా ఉందని తర్వాత పరీక్షలో తేలింది. ముందు రోజు దాన్ని సర్దినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ విమానం దిగే చోటు దగ్గరగా ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అదే సముద్రం మధ్యలో అయితే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

చైతన్య

ఇంజినీర్ గారూ, అందుకే అమెరికా వైమానిక దళం ఎక్కువగా గొట్టం వదిలి బూమ్ వాడుతోంది. ట్యాంకర్‌లో కూర్చున్న మనిషి గట్టి గొట్టాన్ని తానే నడిపి అవతలి విమానంలోకి దించుతాడు. బూమ్ ఉంటే ఈ ఇబ్బందులేవీ ఉండేవి కావు.

పాత ఇంజినీర్

బూమ్‌లో ఇంధనం వేగంగా పోతుంది, పెద్ద విమానాలకు అది సుఖం. కానీ హెలికాప్టర్‌కు బూమ్‌తో పోయలేరు. బూమ్ ఉన్న ట్యాంకర్ ఒకసారి ఒక్క విమానానికే ఇవ్వగలదు, రెక్కల కింద గొట్టాలున్నది ఒకేసారి రెండు యుద్ధ విమానాలకు ఇస్తుంది. అల్లకల్లోలమైన గాలిలో ఏదైనా కష్టమే. ఏది మేలన్న మాట మీద నేను పనిచేసిన చోట కూడా చివరిదాకా వాదనలే.

నావిగేటర్

ఇంజినీర్ గారు చెప్పిన విరిగిన మొన బ్లాక్ బక్ కథలో సరిగ్గా మధ్యలో వస్తుంది. ఆ రాత్రి జరిగినది వరసగా చెబుతాను, ఎందుకంటే లెక్క ఎలా చెదిరిందో, ఎలా నిలబడిందో అందులోనే ఉంది.

పదకొండు విక్టర్లతోపాటు రెండు వల్కన్లు లేచాయి. బాంబులు వేయాల్సింది ముందున్నది. రెండోది అత్యవసరానికి. ముందున్నదానికి కాసేపటికే ఒక పక్క కిటికీ సరిగా మూసుకోలేదు, కేబిన్‌లో పీడనం నిలవలేదు. వెనక్కి తిరిగింది. అత్యవసర విమానం ఎక్స్‌ఎమ్607, దాని కెప్టెన్ మార్టిన్ విదర్స్, అప్పటికప్పుడు దాడి విమానంగా మారిపోయారు. ఒక విక్టర్‌కూ గొట్టం పనిచేయక, దాని స్థానంలో అదనపు విక్టర్ దూరింది. అంటే మొదటి గంటల్లోనే పక్కన పెట్టిన రెండు విమానాలూ ఖర్చయిపోయాయి. ఇంకొక్కటి చెడితే దాడి లేదు.

ఇక ఇంధనం. వల్కన్ బరువు అంచనాను మించింది. దానికి నచ్చిన ఎత్తులో కాకుండా విక్టర్లతో కలిసి, వాటికి కుదిరిన ఎత్తులో, వాటి వేగంతో ఎగరాల్సి వచ్చింది. కాగితం మీద వేసినదానికంటే ఎక్కువ కాల్చింది. ప్రతి కలయికలోనూ కొద్దికొద్దిగా ఎక్కువ తీసుకుంది. ఆ కొద్దికొద్దిగా అన్నీ కలిసి విక్టర్ల మీద పడ్డాయి. మొదట తిరిగి వచ్చిన నాలుగు విక్టర్లు అసెన్షన్ చేరేసరికి దాదాపు ఒకేసారి, చాలా తక్కువ ఇంధనంతో చేరాయి. అక్కడున్నది ఒక్కటే రన్‌వే. దిగిన విమానం వెనక్కి తిరిగి రన్‌వే మీదుగానే బయటికి రావాలి. అంత సమయం లేదు. కాబట్టి మొదటిది రన్‌వే చివరికి పోయి ఆగింది, రెండోది దాని వెనుక, మూడోది దాని వెనుక. నాలుగోది దిగేసరికి ముందు మూడు విక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. దాని బ్రేకులు పనిచేయకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

విహంగం

ఇది నేను చదివినదాంట్లో లేదు! మరి ముందుకు వెళ్లినవి?

నావిగేటర్

చివరికి మూడు మిగిలాయి. వల్కన్, రెండు విక్టర్లు. ఒక విక్టర్ కెప్టెన్ బాబ్ టక్స్‌ఫర్డ్, ఇంకోదాని కెప్టెన్ స్టీవ్ బిగ్లాండ్స్. పథకం ప్రకారం టక్స్‌ఫర్డ్ బిగ్లాండ్స్‌కు ఇంధనం ఇచ్చి వెనక్కి పోవాలి, బిగ్లాండ్స్ ముందుకు పోయి వల్కన్‌కు చివరి విడత ఇవ్వాలి. ఆ సమయానికే ఉరుముల మేఘాల్లోకి వచ్చారు. చీకటి, మెరుపులు, గొట్టం ఎగిరెగిరి పడుతోంది. ఇంధనం పోతుండగానే బిగ్లాండ్స్ ప్రోబ్ విరిగింది.

ఆలోచించండి. ప్రోబ్ లేని ట్యాంకర్ ఇవ్వగలదు కానీ పుచ్చుకోలేదు. కావాల్సినంత అందలేదు కాబట్టి ముందుకు పోలేదు. అప్పుడు వారు పాత్రలు తారుమారు చేసుకున్నారు. బిగ్లాండ్స్ తన గొట్టం వదిలి, తీసుకున్న ఇంధనాన్ని టక్స్‌ఫర్డ్‌కు తిరిగి ఇచ్చాడు. ఇచ్చి వెనక్కి తిరిగాడు. దారిలో తనకు తక్కువైతే నింపుకునే వీలే లేదు, అయినా ఇల్లు చేరాడు.

ఇంకో భయం మిగిలింది. విరిగిన మొన టక్స్‌ఫర్డ్ బుట్టలో ఇరుక్కుని ఉంటే వల్కన్ ఏమీ తీసుకోలేదు. వల్కన్ దగ్గరికి వెళ్లి టార్చ్ వెలుగులో బుట్టను చూశారు. బాగానే ఉన్నట్టుంది. కొద్దిగా ఇంధనం తీసుకుని చూశారు, ప్రవహించింది.

పాత ఇంజినీర్

టార్చ్ వెలుగులో బుట్టను చూడటం గురించి చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. చేతిలో పట్టుకుని చూసినా ఆ ఇరుకులో మొన ఉందో లేదో వెంటనే తెలియదు. ఇంధనం ప్రవహించడమొక్కటే నమ్మదగిన పరీక్ష.

విహంగం

మరి టక్స్‌ఫర్డ్ తన పని కాకపోయినా ముందుకు పోయారు కదా. తిరిగి రావడానికి ఆయనకు ఇంధనం ఎలా?

నావిగేటర్

చాలలేదు. వల్కన్‌కు అనుకున్నంత ఇవ్వలేకపోయినా, తనకు అసెన్షన్ చేరేంత మిగలని స్థాయి వరకు ఇచ్చాడు. అది తన సిబ్బందిని అడిగి తీసుకున్న నిర్ణయం. వెంటనే సాయం అడగలేదు, ఎందుకంటే రేడియో వాడితే దాడి బయటపడుతుంది. వల్కన్ బాంబులు వేశాక పంపే ‘సూపర్‌ఫ్యూజ్’ అనే సంకేతం వినేదాకా నిశ్శబ్దంగా ఉత్తరం వైపు ఎగిరారు. అది విన్న తర్వాతే అసెన్షన్‌ను పిలిచారు. ఇంకో విక్టర్ వచ్చి మధ్యలో కలిసి నింపింది. టక్స్‌ఫర్డ్‌కు ఎయిర్‌ఫోర్స్ క్రాస్ ఇచ్చారు.

ప్రవీణ్

అందరూ బాంబర్ గురించే మాట్లాడుతున్నారు. అదే ద్వీపం నుంచి అదే నెలల్లో రవాణా విమానాలు చేసిన పని నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హెర్క్యులిస్ విమానాలు సముద్రంలో ఉన్న నౌకాదళానికి సరుకులు, మనుషులను పారాచూట్లతో జారవిడిచాయి. మొదట వాటికి ప్రోబే లేదు. యుద్ధం మొదలయ్యాక కొద్ది వారాల్లో బిగించారు. సమస్య అక్కడితో తీరలేదు. విక్టర్ జెట్ విమానం, హెర్క్యులిస్ ప్రొపెల్లర్ విమానం. విక్టర్ ఎంత నెమ్మదించినా హెర్క్యులిస్‌కు అది వేగమే. బరువుతో ఉన్న హెర్క్యులిస్ పూర్తి శక్తి వాడినా సమతలంగా ఎగురుతూ దాన్ని అందుకోలేదు.

దానికి కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. రెండూ కలిసి కిందికి జారుతూ నింపుకుంటాయి. కొండ మీద నుంచి జారుడుబండి దిగినట్టు. దిగేటప్పుడు హెర్క్యులిస్‌కు కావాల్సిన అదనపు వేగం దొరుకుతుంది. విక్టర్ వెనుక గొట్టం పట్టుకుని వేల అడుగులు కిందికి దిగుతూ, సముద్రం దగ్గర పడేలోపు పని ముగించాలి. మధ్యలో మేఘం అడ్డం వస్తే దానిలోంచే. తర్వాత కొన్ని హెర్క్యులిస్‌లనే ట్యాంకర్లుగా మార్చారు, అప్పుడు ఒకే వేగంతో ఎగిరే విమానాలు దొరికాయి.

నావిగేటర్

ప్రవీణ్ గారు రవాణా విమానాల మాట ఎత్తారు, నా మనసుకు దగ్గరైన విషయం. సాధారణంగా రవాణా విమానానికి గాలిలో నింపడం కంటే మధ్యలో దిగి నింపుకోవడమే చౌక, సులువు. దిగే చోటు ఉన్నంతవరకే ఆ మాట. 1973లో ఇజ్రాయెల్‌కు అమెరికా ఆయుధాలు చేరవేసినప్పుడు యూరప్ దేశాలు దాదాపు అన్నీ దిగడానికి ఒప్పుకోలేదు. పోర్చుగల్ ఒక్కటే అట్లాంటిక్ మధ్యనున్న తన అజోర్స్ ద్వీపాల్లోని లాజెస్ స్థావరం ఇచ్చింది. నెల రోజుల్లో 22,000 టన్నులకు పైగా సరుకు చేర్చారు. సీ-141 రవాణా విమానాలకు అప్పట్లో గాలిలో నింపుకునే ఏర్పాటే లేదు. లాజెస్ ఇవ్వడానికి పోర్చుగల్ కూడా ఒప్పుకోకపోయి ఉంటే వాటితో ఆ పని అయ్యేది కాదు. ఆ తర్వాతే సీ-141ల శరీరాన్ని పొడిగించి, ఇంధనం పుచ్చుకునే ఏర్పాటు కూడా పెట్టారు.

రవాణా విమానంలో నావిగేటర్‌కు ఎప్పుడూ ఒకే తగువు. సరుకు తగ్గించి ఇంధనం పెంచాలా, ఇంధనం తగ్గించి సరుకు పెంచాలా? బయలుదేరే బరువుకు ఒక గీత ఉంటుంది, రెండూ దానికి లోబడాలి. గాలిలో నింపుకోవడం ఆ గీతను తప్పించే దారి. సరుకు నిండా వేసుకుని, ఇంధనం కొంతే పోసుకుని లేచి, పైకి వెళ్లాక నింపుకోవచ్చు. చేరువ మాత్రమే కాదు, పొట్టి రన్‌వే నుంచి బరువుగా లేవడం కూడా దీనివల్లే.

సముద్రతీరం

మరి అర్జెంటీనా వాళ్లకు ట్యాంకర్లు లేవా? వాళ్ల తీరం దగ్గరే కదా, అవసరం లేదేమో.

ప్రవీణ్

దగ్గరే, కానీ అంత దగ్గర కాదు. వారికి రెండే కేసీ-130 ట్యాంకర్లు ఉన్నాయి. స్కైహాక్, సూపర్ ఎటెండార్డ్ విమానాలు వాటి నుంచి నింపుకోగలిగేవి. మే 4న హెచ్‌ఎమ్‌ఎస్ షెఫీల్డ్ నౌకను కొట్టిన సూపర్ ఎటెండార్డ్‌లు దారిలో ట్యాంకర్ నుంచి నింపుకునే వెళ్లాయి. మిరాజ్, డాగర్ విమానాలకు ప్రోబ్ లేదు. అవి ద్వీపాలు చేరేసరికి కొన్ని నిమిషాలే నిలవగలిగేవి. ఒకే యుద్ధంలో, ఒకే దూరానికి, ప్రోబ్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఇంత స్పష్టంగా ఎక్కడా కనిపించదు. తూట్లు పడి ఇంధనం కారుతున్న స్కైహాక్‌లను కేసీ-130 గొట్టానికి తగిలించుకుని, పోస్తూ పోస్తూ ఇంటిదాకా తీసుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

చైతన్య

సరే, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి అడగాలి. ఇంత కష్టపడి 21 బాంబులు వేస్తే రన్‌వే మీద పడింది ఒక్కటి. అర్జెంటీనా హెర్క్యులిస్‌లు యుద్ధం చివరిదాకా అదే రన్‌వే మీద దిగుతూనే ఉన్నాయి. పదకొండు ట్యాంకర్ల ఇంధనం ఒక గుంత కోసమా?

ప్రవీణ్

బాంబుల వరసను రన్‌వేకు అడ్డంగా ఏటవాలుగా వేశారు, ఒక్కటైనా తగలాలని. ఆ ఒక్కటి తగిలింది. ఆ తర్వాత వేగవంతమైన జెట్లు స్టాన్లీని స్థావరంగా చేసుకోలేదు. ఇంతదూరం రాగలిగారంటే మా గడ్డ మీదికీ రాగలరని అర్జెంటీనా తన మిరాజ్‌లను ప్రధాన భూభాగం రక్షణకు ఉంచిందని కొందరు వాదిస్తారు.

నావిగేటర్

కొందరు వాదిస్తారు, ఇంకొందరు ఒప్పుకోరు. బాంబులు పడకముందే ఆ రన్‌వే జెట్లకు పొట్టిదని, వాటిని అక్కడ ఉంచే ఉద్దేశమే లేదని కాదనేవారి మాట. నేను రెండు వైపులా చదివి కూడా తేల్చుకోలేదు. మొత్తం ఏడు దాడులు అనుకుంటే ఐదే పూర్తయ్యాయి. ఒకటి ఎదురుగాలి వల్ల ఆగింది. ఇంకొకటి ట్యాంకర్ గొట్టం డ్రమ్ము చెడి మధ్యలోనే వెనక్కి వచ్చింది. గాలి, డ్రమ్ము, ఈ రెండూ ప్రతిసారీ ఒక పైలట్ ధైర్యం కంటే ముందే నిర్ణయం చేసేస్తాయి.

లక్ష్మి

రాత్రి ఇంకో లెక్క వేశాను. మీకందరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ట్యాంకర్లన్నీ వెళ్లేదారిలోనే ఎందుకు ఇవ్వాలి? ఒకదాన్ని తిరుగుదారిలో కలిపితే?

పాత కొలతలే. వెళ్లేటప్పుడు ఒక ట్యాంకర్ 3 గంటల 20 నిమిషాల దగ్గర నింపుతుంది. ఇంకో ట్యాంకర్ తర్వాత బయలుదేరి, తిరిగి వచ్చే బాంబర్‌కు అదే చోట ఎదురుపడి, ఇల్లు చేరడానికి కావాల్సిన 33 పాళ్లు ఇస్తుంది. అంటే బాంబర్ నిండిన 100 పాళ్లనూ ఆ చోటు అవతలే ఖర్చు చేసుకోవచ్చు. ఐదు గంటలు ముందుకు, ఐదు గంటలు వెనక్కి. మొత్తం చేరువ 8 గంటల 20 నిమిషాలు! వెళ్లేదారిలో మూడు ట్యాంకర్లు వాడినా వచ్చింది 8 గంటలే. రెండు ట్యాంకర్లతోనే మూడింటిని మించింది. మరి బ్రిటన్ వాళ్లు సగం ట్యాంకర్లను తిరుగుదారిలో ఎందుకు పెట్టలేదు?

విహంగం

అద్భుతం! నావిగేటర్ గారూ, ఇందులో ఎక్కడైనా తప్పుందా?

నావిగేటర్

లెక్కలో తప్పు లేదు లక్ష్మి గారూ. బ్రిటన్ వాళ్లూ అదే చేశారు, కానీ ఒక్కసారికే. విదర్స్ వల్కన్‌కు తిరుగుదారిలో బ్రెజిల్ తీరానికి దూరంగా ఒక విక్టర్ ఎదురు వచ్చింది. అప్పటికి వల్కన్‌లో ఇంధనం చాలా తక్కువ. కంటికి విక్టర్ కనిపించే క్షణం వరకు ఆ విమానంలో ఎవరూ ఊపిరి తీసుకుని ఉండరు.

మీ లెక్కలో బాంబర్ ఆ చోటుకు వచ్చేసరికి ట్యాంకులో సున్నా. వెళ్లేదారిలో కలయిక కుదరకపోతే బాంబర్ వెనక్కి తిరిగి ఇంటికి వస్తుంది, దాడి మాత్రం పోతుంది. తిరుగుదారిలో కుదరకపోతే విమానమూ మనుషులూ సముద్రంలోకి పోతారు. అందుకే పథకం వేసేవారు ప్రతి కలయికకూ ముందే ఒక ప్రశ్న వేసుకుంటారు. ఇక్కడ ప్రోబ్ విరిగితే, మిగిలిన ఇంధనంతో ఏ రన్‌వే అందుతుంది? రన్‌వే అందేంత ఇంధనం ఉన్నప్పుడే కలయిక మొదలుపెడతారు. భూమి మీద విమానాశ్రయాలు దగ్గరగా ఉంటే ఇది సులువు. దక్షిణ అట్లాంటిక్‌లో అసెన్షన్‌కూ ఫాక్లాండ్స్‌కూ మధ్య ఏమీ లేదు, పక్కన బ్రెజిల్ తప్ప.

ఆ బ్రెజిల్ మాట ఊరికే అనలేదు. జూన్ 3న ఆరో దాడి ముగించి వస్తున్న వల్కన్ ఎక్స్‌ఎమ్597 తిరుగుదారిలో నింపుకుంటుండగా దాని ప్రోబ్ విరిగింది. కెప్టెన్ నీల్ మెక్‌డౌగల్ రియో డి జనీరో వైపు తిప్పాడు. రెక్క కింద ఒక క్షిపణి జారకుండా ఇంకా వేలాడుతోంది. రహస్య పత్రాలను ఒక సంచిలో వేసి, విమానం తలుపు తెరిచి సముద్రంలో పడేశారు. రన్‌వే చేరేసరికి ఇంకో చుట్టు తిరిగే ఇంధనం కూడా లేదు. దిగింది. బ్రెజిల్ వాళ్లు ఒక వారం ఉంచుకుని, క్షిపణిని తీసుకుని, విమానాన్నీ సిబ్బందినీ వదిలారు.

పాత ఇంజినీర్

నావిగేటర్ గారూ, మళ్లీ అదే మొన. మీరు రాసినది చదివాక మా పాత రికార్డు పుస్తకం తీసి చూశాను. మేం డ్రమ్ము వదులు తీసుకునే వేగాన్ని పరీక్షించినది నేల మీద, గాలి లేని హాంగర్‌లో. గొట్టం చివర బుట్ట మీద గాలి లాగే బరువును అక్కడ మనం ఎంత బాగా అనుకరించినా మేఘంలో ఉన్నంత రాదు. లక్ష్మి గారి లెక్కలో ఆ తేడాకు ఎన్ని పాళ్లు వేయాలో మాత్రం నాకు తెలియడం లేదు.

లక్ష్మి

ప్రతి కలయికకు చేరేసరికి బాంబర్‌లో ఎప్పుడూ 20 పాళ్లు మిగిలి ఉండాలని షరతు పెట్టి మళ్లీ వేస్తున్నాను. రేపు పెడతాను.